ట్యూబులతో పనిలేని వైద్యానికి ట్యూబుల ఆపరేషన్ ఎందుకు?

ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీజ్ బ్రౌన్ 1978 జులై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డ్‌హామ్‌లో పుట్టింది. ఇది చాలామందికి తెలిసిన సంగతే. ఆమె తల్లి లెస్లీ బ్రౌన్‌కి అంతకు ముందు ఏడాది ఏం జరిగిందో మాత్రం ఎక్కువమందికి తెలియదు. లెస్లీకి రెండు ఫెలోపియన్ ట్యూబులూ మూసుకుపోయాయి. 1970లో వాటిని తెరవడానికి ఆపరేషన్ చేశారు, ఫలితం రాలేదు. 1977 ఆగస్టులో డాక్టర్ పాట్రిక్ స్టెప్టో ఆమె పొట్ట తెరిచి, మిగిలిన ట్యూబుల ముక్కలను రెండు వైపులా తీసేశారు. అతుక్కుపోయిన అండాశయాలను విడదీసి, అండం తీయడానికి అందేలా నిలబెట్టారు. అదే ఏడాది నవంబరులో అండం తీశారు. తర్వాతి కథ చరిత్రలో ఉంది.

స్టెప్టో ఆ ట్యూబులను తీసేసింది అండాశయం అందుబాటులోకి రావాలని. ట్యూబులో నిలిచిన నీరు పిండానికి చేటు చేస్తుందన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. అది తేలడానికి మరో పదిహేనేళ్ల పైనే పట్టింది. ఇప్పుడు సంతాన సాఫల్య కేంద్రాల్లో డాక్టర్లు "పిండం పెట్టే ముందు ట్యూబులు తీసేద్దాం" అంటే ఆ మాట వెనక ఉన్నది ఈ రెండో కారణమే.

ఆ మాట విన్న ఏ ఇంట్లోనైనా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది. ఐవీఎఫ్‌లో అండాన్ని సూదితో బయటికి తీస్తారు. ల్యాబులో శుక్రకణంతో కలుపుతారు. తయారైన పిండాన్ని సన్నని గొట్టంతో నేరుగా గర్భసంచిలో పెడతారు. ట్యూబు ప్రమేయమే లేదు కదా! మరి లేనిపోని ఆపరేషన్ ఎందుకు? బిల్లు కోసమా? అనుమానం రావడంలో తప్పేమీ లేదు. జవాబు ఆ ట్యూబు ఏ చివర మూసుకుంది, ఏ చివర తెరిచి ఉంది అన్న దాంట్లో ఉంది.

మూసుకున్నది ఒక్క చివరే

ఫెలోపియన్ ట్యూబు పొడవు పది పన్నెండు సెంటీమీటర్లు. ఒక చివర గర్భసంచి పైమూలలోకి తెరుచుకుంటుంది. అక్కడి రంధ్రం మిల్లీమీటరు కూడా ఉండదు. రెండో చివర అండాశయం పక్కన కుచ్చులాగా విచ్చుకుని ఉంటుంది. విడుదలైన అండాన్ని అందుకునేది ఆ కుచ్చే. లోపలి పొర మీద కంటికి కనిపించని నూగు ఉంటుంది, అది కదులుతూ పిండాన్ని గర్భసంచి వైపు జరుపుతుంది. ఆ పొర నిత్యం కాస్త ద్రవాన్ని కూడా స్రవిస్తుంది. మామూలు రోజుల్లో ఆ ద్రవం కుచ్చు వైపు నుంచి కడుపులోకి జారి ఇంకిపోతుంది.

ఇన్ఫెక్షన్ వస్తే ముందు దెబ్బతినేది ఆ కుచ్చే. పోగులు ఒకదానికొకటి అంటుకుని చివర మూసుకుపోతుంది. లోపలి పొర మాత్రం తన పని ఆపదు, స్రవిస్తూనే ఉంటుంది. పోయే దారిలేక ద్రవం నిలిచి ట్యూబు ఉబ్బుతుంది. గర్భసంచి దగ్గర సన్నగా, అండాశయం దగ్గర బొద్దుగా, ఎండిన సొరకాయ బుర్రలా తయారవుతుంది. దీన్నే వైద్యులు హైడ్రోశాల్పింక్స్ అంటారు. రిపోర్టులో ఆ పేరే ఉంటుంది, మాటల్లో మాత్రం "ట్యూబులో నీరు చేరింది" అని చెబుతారు.

గర్భసంచి వైపు రంధ్రం చాలామందిలో తెరిచే ఉంటుంది. కాబట్టి నిండిన ట్యూబుకు మిగిలిన ఒకే ఒక్క దారి గర్భసంచి. కొందరిలో ఆ ద్రవం నెల మధ్యలో ఒక్కసారిగా నీళ్లలా దిగుతుంది. బట్టలు తడిసేంతగా అయ్యి, మళ్లీ కొన్నాళ్లు ఏమీ ఉండదు. తెల్లబట్ట అనుకుని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటారు. చాలామందికి ఆ సూచన కూడా ఉండదు. నొప్పి లేదు, జ్వరం లేదు, నెలసరి సక్రమంగానే ఉంటుంది.

ఇక పిండం సంగతి. బదిలీ చేసేటప్పుడు పిండాన్ని ఎంత ద్రవంలో పెడతారో తెలిస్తే విషయం సగం అర్థమవుతుంది. ఒక మిల్లీలీటరులో నలభయ్యో వంతు, అంతే. ఉబ్బిన ట్యూబులో కొన్ని మిల్లీలీటర్ల నుంచి, బాగా ముదిరితే ఇంకా చాలా ఎక్కువ నీరు ఉండొచ్చు. పెట్టిన పిండం వెంటనే అతుక్కోదు. ఐదో రోజు పిండమైనా ఒకటి రెండు రోజులు గర్భసంచి లోపలి పొర మీద తేలుతూ ఉండి, తర్వాత నాటుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో పైనుంచి ద్రవం దిగితే పిండం కొట్టుకుపోవచ్చు. కొట్టుకుపోకపోయినా, ఆ ద్రవంలో పాత ఇన్ఫెక్షన్ తాలూకు వాపు రసాయనాలు ఉంటాయి, పిండానికి కావలసిన పోషకాలు తక్కువగా ఉంటాయి. మూడో సంగతి, ఆ ద్రవం నెలల తరబడి తగలడం వల్ల గర్భసంచి లోపలి పొర పిండాన్ని పట్టుకునే గుణం కూడా తగ్గుతుందని పరిశోధనలు చూపాయి. ఈ మూడింటిలో దేని వాటా ఎంత అన్నది ఇంకా వాదనలోనే ఉంది. ఫలితం మీద మాత్రం వాదన లేదు.

స్కాండినేవియా లెక్క

1990ల మధ్యలో డెన్మార్క్ నుంచి, ఇంకొన్ని దేశాల నుంచి వచ్చిన నివేదికలు ఒక విచిత్రాన్ని చూపాయి. ట్యూబులు మూసుకుపోయిన ఆడవాళ్లందరికీ ఐవీఎఫ్ ఒకేలా పనిచేయడం లేదు. మూసుకున్న ట్యూబులో నీరు లేనివాళ్లతో పోలిస్తే, నీరు ఉన్నవాళ్లకు గర్భం నిలిచే అవకాశం దాదాపు సగానికి పడిపోతోంది. నిలిచినా మొదటి నెలల్లోనే పోవడం రెండింతలకు దగ్గరగా ఉంది. పిండాలు చూస్తే బాగానే ఉన్నాయి.

అప్పుడు స్వీడన్‌కు చెందిన అనికా స్ట్రాండెల్, ఆమె సహచరులు స్కాండినేవియా దేశాల్లోని పలు ఆసుపత్రుల్లో ఒక పరీక్ష నడిపారు. 204 మంది మహిళలను చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ముందు ట్యూబులు తీసేసి తర్వాత ఐవీఎఫ్ చేశారు. రెండో గుంపుకు నేరుగా ఐవీఎఫ్ చేశారు. ఫలితాలు 1999లో వచ్చాయి. ట్యూబులు తీసిన గుంపులో నూటికి 28.6 మందికి ప్రసవమైంది. తీయని గుంపులో 16.3 మందికి.

ఆ పరిశోధనలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఈ మొత్తం అంకె కాదు, దాని లోపలి అంకె. ట్యూబులోని నీరు స్కానింగ్‌లో స్పష్టంగా కనిపించేంత ఉన్నవాళ్లను విడిగా చూస్తే, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 40 శాతం మందికి, చేయించుకోనివాళ్లలో 17.5 శాతం మందికి బిడ్డ పుట్టింది. రెండు వైపులా స్కానింగ్‌లో కనిపించినవాళ్లలోనైతే 55 శాతానికి 16 శాతం. అంటే ఆపరేషన్ లాభం అందరికీ ఒకటి కాదు. స్కానింగ్‌లో కనిపించేంత నీరు ఉంటే లాభం పెద్దది, రెండు వైపులా ఉంటే ఇంకా పెద్దది. చిన్నగా ఉబ్బి, ఎక్స్‌రేలో మాత్రమే తేలి, స్కానింగ్‌లో కనిపించని ట్యూబు దగ్గర అంత గట్టిగా చెప్పలేం.

తర్వాత మరికొన్ని పరీక్షలు జరిగాయి. వాటన్నిటినీ కలిపి తూచిన కొక్రేన్ సమీక్ష 2020లో కొత్తగా వెలువడింది. ట్యూబులు తీయకుండా నూటికి 19 మందికి గర్భం వచ్చేచోట, తీస్తే 27 నుంచి 52 మందికి రావచ్చని అది లెక్కకట్టింది. అంతరం అంత వెడల్పుగా ఉండటానికి కారణం ఈ పరీక్షల్లో పాల్గొన్నవాళ్లు తక్కువ కావడమే, నాలుగు పరీక్షల్లో కలిపి 455 మంది. బిడ్డ చేతికొచ్చేదాకా లెక్కించిన పరిశోధనలు ఇంకా తక్కువ. అయినా బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు ఐవీఎఫ్‌కు ముందు ఇలాంటి ట్యూబులు తీయించుకోమని సూచించాలనే చెబుతున్నాయి, అదీ వీలైతే లాపరోస్కోపీతోనే.

ఒక కేసు చూద్దాం

ఇది ఏ ఒక్కరి కథా కాదు, విషయం తేటపడటానికి అల్లింది. ఆవిడ పేరు లత అనుకుందాం. 32 ఏళ్లు, ఊరు వరంగల్ దగ్గర, పెళ్లయి ఏడేళ్లు. భర్త వీర్య పరీక్ష బాగానే ఉంది. మూడేళ్ల కింద తీయించిన హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే రిపోర్టులో "కుడి ట్యూబు ఉబ్బి ఉంది, రంగు బయటికి రాలేదు, ఎడమ ట్యూబు చివర కూడా బ్లాక్" అని రాసి ఉంది. "ట్యూబులు బ్లాకైతే ఐవీఎఫే దారి" అని ఒకచోట చెబితే చేయించుకున్నారు. మంచి నాణ్యత ఉన్న పిండాలనే చెప్పారు. రెండుసార్లు పెట్టారు. రెండుసార్లూ నిలవలేదు.

కొత్త డాక్టరమ్మ ముందు రిపోర్టు పక్కన పెట్టి ఫిల్ములు అడిగారు. హెచ్‌ఎస్‌జీ అంటే నెలసరి ఆగిన తర్వాత, అండం విడుదల కాకముందు గర్భసంచిలోకి రంగు ద్రవం పంపి తీసే ఎక్స్‌రే. ఆరోగ్యమైన ట్యూబులోంచి ఆ రంగు చివరికి పొగలా చెదిరి కడుపులోకి పరుచుకుంటుంది. లత ఫిల్ములో కుడివైపు చివర గుండ్రంగా గదలాగా నిండి ఆగిపోయింది. ఎడమవైపు సన్నగా వెళ్లి చివర దగ్గర ఆగింది, కాస్తే ఉబ్బింది.

"అమ్మా, అప్పుడప్పుడు నీళ్లలా అవుతుందా?" అని డాక్టరమ్మ అడిగారు.

"అవుతుంది మేడమ్. తెల్లబట్ట అనుకున్నా. అంత వాసనేం ఉండదు."

"ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరూ అడగలేదండీ."

యోని స్కానింగ్‌లో కుడి అండాశయం పక్కన పొడుగ్గా, మెలికలు తిరిగి ఐదు సెంటీమీటర్ల నల్లటి ఆకారం కనిపించింది. స్కానింగ్‌లో నీరు నల్లగానే ఉంటుంది. లోపల గోడ నుంచి సగం దాకా వచ్చి ఆగిపోయిన మడతలు ఉన్నాయి. ఇది అండాశయపు సిస్టు కాదు, ట్యూబే అని చెప్పేవి ఆ సగం మడతలే. సిస్టు గుండ్రంగా ఉంటుంది, ట్యూబు తనలోకి తాను ముడుచుకుని ఉంటుంది. హడావిడి స్కానింగ్‌లో ఈ రెండూ తారుమారు కావడం అరుదేం కాదు. "చిన్న సిస్టు ఉంది, ఏం పర్లేదు" అన్న రిపోర్టు వెనక హైడ్రోశాల్పింక్స్ దాగి ఉండొచ్చు.

ఇంకో పొరపాటు హెచ్‌ఎస్‌జీ వైపు నుంచి వస్తుంది. రంగు పంపేటప్పుడు నొప్పికి గర్భసంచి మూల బిగుసుకుని రంగు ట్యూబులోకి వెళ్లకపోతే బ్లాక్ అని రాస్తారు. కొన్నిసార్లు అక్కడ బ్లాకే ఉండదు. ట్యూబులోకి రంగే వెళ్లకపోతే అవతల చివర ఉబ్బి ఉందో లేదో ఆ ఎక్స్‌రే చెప్పలేదు కూడా. అనుమానం మిగిలితే తేల్చేది లాపరోస్కోపీ. బొడ్డు దగ్గర చిన్న గాటుతో కెమెరా పంపి, కింది నుంచి నీలం రంగు ఎక్కిస్తూ ట్యూబును కళ్లతో చూస్తారు.

లతకు తేల్చాల్సింది ఇంకొకటి మిగిలింది. ట్యూబు ఎందుకు పాడైంది?

కారణం వెతకకుండా కత్తి పట్టొద్దు

పాశ్చాత్య దేశాల పుస్తకాలు తెరిస్తే ముందు కనిపించే కారణం క్లామిడియా, గనోరియా లాంటి ఇన్ఫెక్షన్లు. వాటిలో క్లామిడియా ఏ లక్షణమూ చూపకుండానే ట్యూబులు పాడుచేయగలదు. అపెండిక్స్ పగిలినా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, కాన్పు తర్వాతో గర్భస్రావం తర్వాతో ఇన్ఫెక్షన్ వచ్చినా ఇదే జరగొచ్చు. కాబట్టి ట్యూబులు మూసుకున్నాయనగానే ఆడమనిషి నడవడిక మీదికి పోయే చూపులకు వైద్యపరంగా ఏ ఆధారమూ లేదు.

మన దేశంలో మరిచిపోకూడని కారణం టీబీ. ఊపిరితిత్తుల్లోకి ఎప్పుడో చిన్నప్పుడు చేరిన క్రిములు రక్తం ద్వారా కటి భాగానికి చేరతాయి. అక్కడ అవి ముందుగా పట్టేది ఫెలోపియన్ ట్యూబులనే. దగ్గు ఉండదు, బరువు తగ్గడం ఉండదు. పిల్లలు పుట్టడం లేదని పరీక్షలు చేయించుకునేదాకా బయటపడదు. టీబీ పట్టిన ట్యూబు గట్టిగా, పూసలు గుచ్చినట్టు కనిపించొచ్చు. పేగులు, అండాశయం, ట్యూబు ఒకదానికొకటి బంకలా అతుక్కుని ఉండొచ్చు. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు అక్కడ కత్తి పెడితే పేగుకు గాయమయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకని ముందు ఆరు నెలల మందుల కోర్సు, తర్వాతే మిగతావి. టీబీ గర్భసంచి లోపలి పొరను కూడా తినేసి ఉంటే, ట్యూబులు తీసినంత మాత్రాన పిండం నిలవదు. ఈ మాట డబ్బు కట్టకముందే దంపతులకు చెప్పాలి.

లతకు గర్భసంచి పొర ముక్క తీసి సీబీనాట్ పరీక్షకు, బయాప్సీకి పంపారు. రెండింటిలోనూ టీబీ జాడ కనిపించలేదు. గర్భసంచి లోపల కెమెరాతో చూస్తే పొర బాగానే ఉంది.

ముందు అండాలా, ముందు ఆపరేషనా?

ట్యూబులు తీయాలన్నారు. లత అత్తగారు అడిగిన మొదటి మాట: "గర్భసంచి ఉంచుతారా అమ్మా?"

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. "తీసేస్తాం" అన్న మాట వినగానే మన ఊళ్లలో గుర్తొచ్చేది అదే. ఇక్కడ తీసేది ట్యూబు మాత్రమే. గర్భసంచి ఉంటుంది, అండాశయాలు ఉంటాయి, నెలసరి వస్తూనే ఉంటుంది, హార్మోన్లు అలాగే ఉంటాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో ట్యూబు కత్తిరించుకున్న కోట్లమంది ఆడవాళ్లకు నెలసరి ఆగలేదు కదా, ఇదీ అంతే. అయితే ఒక నిజం దాచకూడదు. రెండు ట్యూబులూ తీస్తే ఇక సహజంగా గర్భం రాదు, ఐవీఎఫ్ ఒక్కటే దారి. ఉబ్బిన ట్యూబు అప్పటికే పనికిరాకుండా పోయినా, "ఏమో, ఎప్పటికైనా" అన్న ఆశ ఆ సంతకంతో పోతుంది. ఆ సంతకానికి ముందు భార్యాభర్తలు ఒక వారం ఆలోచించుకుంటామంటే ఏ డాక్టరూ తొందరపెట్టకూడదు.

ఒక ట్యూబే ఉబ్బి, రెండోది నిజంగా ఆరోగ్యంగా ఉంటే కథ వేరు. చెడిన ట్యూబు తీసేశాక, ద్రవం గర్భసంచిలోకి రావడం ఆగి, రెండో ట్యూబు ద్వారా సహజంగానే గర్భం దాల్చినవాళ్లు ఉన్నారు. చిన్న వయసు, మిగతా లోపాలు లేని జంటలు ఐవీఎఫ్‌కు పరుగెత్తకుండా కొన్నాళ్లు చూడొచ్చు.

ఆపరేషన్‌కు ఉన్న పెద్ద చిక్కు అండాశయపు రక్తసరఫరా. ట్యూబుకూ అండాశయానికీ మధ్య ఒక పలచని పొర ఉంటుంది. అండాశయానికి వెళ్లే రక్తనాళాల్లో కొన్ని దాంట్లోంచే పోతాయి. సర్జన్ ట్యూబును ఒరుసుకుంటూ, ఆ పొరను వీలైనంత మిగిల్చి కోయాలి. దూరంగా, వెడల్పుగా కాల్చుకుంటూ పోతే అండాశయానికి అందే రక్తం తగ్గి, తర్వాత అండాలు తగ్గొచ్చు. జాగ్రత్తగా చేసిన ఆపరేషన్ల తర్వాత అండాల సంఖ్య చెప్పుకోదగ్గంత పడిపోలేదనే చాలా పరిశోధనలు చూపాయి. అయినా అండాల నిల్వ ముందే తక్కువగా ఉన్నవాళ్ల దగ్గర ఈ ప్రమాదం తీసుకోవడం ఎందుకు?

అసలు కిటుకు ఇక్కడుంది. నీరు పాడుచేసేది పిండం నాటుకునే ఘట్టాన్ని. కాబట్టి ఆపరేషన్ పిండం పెట్టే ముందు జరిగితే చాలు, అండాలు తీసే ముందే జరగాలన్న నియమం లేదు. లతకు ఏఎంహెచ్ 1.3, ఎక్కువేం కాదు. అందుకని ముందు అండాలు తీశారు. తొమ్మిది వచ్చాయి. ఏడు పక్వమైనవి, ఐదు ఫలదీకరణ చెందాయి, ఐదో రోజుకు మూడు పిండాలు మిగిలాయి. మూడింటినీ గడ్డకట్టించి భద్రపరిచారు. అండాలు తీసేటప్పుడు సూది ఆ ఉబ్బిన ట్యూబుకు తగలకుండా చూసుకున్నారు. తగిలితే లోపలి పాత ఇన్ఫెక్షన్ రేగి చీము పట్టే ప్రమాదం ఉంది. హార్మోన్ ఇంజెక్షన్ల రోజుల్లో ట్యూబు ఇంకా ఉబ్బొచ్చు, గర్భసంచి లోపల కూడా నీరు కనిపించొచ్చు. అలా కనిపిస్తే ఆ నెల పిండం పెట్టకపోవడమే మంచిది.

తర్వాతి నెలలో లాపరోస్కోపీ చేశారు. కుడి ట్యూబు సులువుగా వచ్చింది. ఎడమది అండాశయానికి, పేగుకు గట్టిగా అతుక్కుని ఉంది. విడదీయబోతే పేగుకు చిల్లు పడొచ్చు. సర్జన్ పట్టుదలకు పోలేదు, గర్భసంచికి ఆనుకుని ఉన్నచోట ట్యూబుకు క్లిప్పు వేసి వదిలేశారు. ట్యూబు లోపలే ఉంది, కానీ ద్రవం దిగే దారి మూసుకుంది. ఇలా దారి మూసినా గర్భం అవకాశం మెరుగవుతుందని పరీక్షల్లో తేలింది. నేనైతే రోగి ఎంచుకోవాల్సిన సర్జన్ ఇలాంటివారే అంటాను, ఏది తీయాలో తెలియడంతో పాటు ఎక్కడ ఆగాలో తెలిసినవారు.

రెండు నెలసరులు గడిచాక పిండం పెట్టారు. ఫలితం ఇక్కడ రాయను. అల్లిన కేసుకు కవల పిల్లలను పుట్టిస్తే అది కథనం కాదు, కరపత్రం అవుతుంది.

దగ్గరిదారులు

ఆపరేషన్ లేకుండా పని జరగదా అని అడగనివాళ్లు ఉండరు. ఉన్న దారులు చెప్పుకుందాం.

స్కానింగ్ చూస్తూ సూదితో నీరు లాగేయొచ్చు. ఆ పూట ట్యూబు చదునుగా కనిపిస్తుంది. స్రవించే పొర అక్కడే ఉంది కాబట్టి చాలామందిలో మళ్లీ నిండుతుంది, కొందరిలో పిండం పెట్టే రోజుకే. కడుపు ముందే పలుమార్లు తెరిచి, లాపరోస్కోపీ ప్రమాదకరమైన వాళ్లకు ఇది చివరి ఎంపికగా మిగులుతుంది. యాంటీబయాటిక్స్‌తో నీరు ఇంకిపోతుందని చెప్పడానికి ఆధారం లేదు. మూసుకున్న చివర జబ్బు కాదు, జబ్బు మానిన మచ్చ. మచ్చకు మాత్ర పనిచేయదు. హెచ్‌ఎస్‌జీలో ఉబ్బిన ట్యూబు కనిపించిన రోజున కొన్నాళ్లు డాక్సీసైక్లిన్ ఇస్తారు. అది ట్యూబును బాగుచేయడానికి కాదు, రంగుతో పాటు లోపలికి వెళ్లిన క్రిములు కొత్త ఇన్ఫెక్షన్ తేకుండా ఉండటానికి. ఆ పరీక్ష తర్వాత జ్వరం, కింది పొట్టలో నొప్పి వస్తే మర్నాటిదాకా ఆగకూడదు.

మూసుకున్న చివరను కోసి కొత్త నోరు తెరవడం ఇంకో పద్ధతి. లెస్లీ బ్రౌన్‌కి 1970లో చేసింది ఇదే. గోడ పలచగా, లోపలి పొర బాగున్న ట్యూబులకు చిన్న వయసులో ఇది ఇప్పటికీ ఒక దారే. దాని చిక్కు, నోరు మళ్లీ మూసుకోవడం. మూసుకోకపోతే పాడైన పొర మీద పిండం ట్యూబులోనే ఆగిపోయి పెరగడం. అలా పెరిగిన ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది.

కోత లేకుండా గర్భసంచి లోపలి నుంచే ట్యూబులో లోహపు చుట్ట పెట్టి మూసే పద్ధతిని కూడా ప్రయత్నించారు. నెదర్లాండ్స్‌లో దాన్ని ట్యూబు తొలగింపుతో నేరుగా పోల్చారు, 2016లో ఫలితాలు వచ్చాయి. చుట్ట పెట్టినవాళ్లలో 26 శాతానికి, ట్యూబు తీసినవాళ్లలో 56 శాతానికి గర్భం నిలిచింది. ఎష్యూర్ అనే ఆ చుట్ట అమ్మకాలను తయారీ సంస్థే 2018 చివరికల్లా ఆపేసింది.

అడగాల్సినవి

ఆపరేషన్ మాట వచ్చినప్పుడు రిపోర్టుతో పాటు హెచ్‌ఎస్‌జీ ఫిల్ములు కూడా తీసుకెళ్లండి. నీరు స్కానింగ్‌లో కనిపిస్తోందా, ఒక వైపా రెండు వైపులా అని అడగండి. నా అండాల నిల్వ ఎంత, ముందు అండాలు తీసి పిండాలను దాచుకోవచ్చా అని అడగండి. తీయడం కుదరకపోతే క్లిప్పు వేస్తారా అని సంతకం పెట్టకముందే మాట్లాడుకోండి. పిండం రెండుసార్లు నిలవకపోయి, మూడోసారికి డబ్బు కట్టమంటున్న చోట మీ ట్యూబుల గురించి ఎవరూ మాట్లాడకపోతే, కట్టే ముందు ఇంకొకచోట ఆ ఫిల్ములు చూపించండి.

చివరగా ఒకటి. తీసిన ట్యూబును చెత్తబుట్టలో వేయనివ్వకండి. దాన్ని బయాప్సీకి పంపాలి. గర్భసంచి పొరలో దొరకని టీబీ కొందరిలో ఆ ట్యూబు గోడలోనే బయటపడుతుంది. అలా బయటపడితే పిండం పెట్టడం ఆపి ముందు మందులు వాడాలి. ఆ రిపోర్టు చేతికి రాకుండా పిండ బదిలీకి తేదీ ఖాయం చేసుకోకండి.